గండికోట హోంస్టే: లెక్క వేయాల్సింది శుక్ర, శనివారాల రాత్రులే

నాలుగు గదుల హోంస్టేకి ప్రాజెక్టు రిపోర్టు రాయిస్తే, మొదటి ఏడాదే 60 శాతం ఆక్యుపెన్సీ అని రాసి ఇవ్వడం మామూలే. గండికోటలో ఆ అంకె ఎందుకు నిలవదో చూద్దాం. నాలుగు గదులు, 30 రోజులంటే నెలకు 120 గది-రాత్రులు. 60 శాతమంటే 72 అమ్ముడుపోవాలి. పెన్నా లోయ చూడటానికి బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి కార్లలో వచ్చేవాళ్లు ఎక్కువగా దిగేది శుక్ర, శనివారాల్లో. ఆ ఎనిమిది రాత్రులూ హౌస్‌ఫుల్ అయినా వచ్చేది 32. మిగతా 40 మామూలు రోజుల్లో నిండాలి. మంగళవారం రాత్రి జమ్మలమడుగు దాటి అంతమంది ఎక్కడి నుంచి వస్తారు?

అందుకే రెండు లెక్కలు విడివిడిగా వేయాలి. రివ్యూలు లేని మొదటి మూడు నెలల్లో, నెలకు వారాంతాల్లో 13, మామూలు రోజుల్లో 4 గది-రాత్రులు పోతాయనుకోవడం సబబు. అంటే 14 శాతం. ఏడాది తిరిగేసరికి 24, 13 అయితే 31 శాతం. అది మంచి ఫలితమే.

ఇక ధర. వారాంతపు గదికి 2,500 పెట్టారనుకుందాం. బుకింగ్ పోర్టల్ ఆఫర్‌లో పది శాతం తగ్గిస్తే 2,250. దానిపై 18 శాతం కమీషన్ 405, ఆ కమీషన్ మీద జీఎస్టీ 73. చేతికొచ్చేది 1,772. ఇద్దరికి టిఫిన్, దుప్పట్ల ఉతుకు, శుభ్రం, కరెంటు కలిపి 530 తీసేస్తే 1,242 మిగులుతుంది. 1,800 పెట్టిన మామూలు రోజు గదికి ఇదే లెక్కన మిగిలేది 746 మాత్రమే. చాలామంది కమీషన్ వరకే లెక్కేసి, ఆఫర్ తగ్గింపును మరిచిపోతారు. అసలు చిల్లు అక్కడే.

పనిమనిషి జీతం, ఇంటర్నెట్, నీళ్ల ట్యాంకరు వగైరా నెలకు 18,000 అనుకుంటే, మొదటి మూడు నెలల్లో నెలనెలా గదుల మీద మిగిలే సుమారు 19,000 వాటికే సరిపోతుంది. ఎనిమిది లక్షల అప్పుకు 11 శాతం వడ్డీతో ఐదేళ్లపాటు నెలనెలా కట్టే 17,400 వాయిదా అప్పటికి జేబులోంచే. ఏడాది తర్వాత వాయిదాతో సహా ఖర్చులన్నీ పోను నెలకు మిగిలేది నాలుగు వేల చిల్లర. అందుకే కనీసం ఆరు నెలల వాయిదాలు పక్కన పెట్టుకోకుండా గోడ లేపకూడదు.

దీన్ని మార్చేది నేరుగా వచ్చే బుకింగే. అదే 2,500కు ఫోన్ మీద గది ఇస్తే పోర్టల్ కంటే 728 ఎక్కువ మిగులుతుంది. నెలకు వారాంతంలో ఎనిమిది, మామూలు రోజుల్లో నాలుగు అలా వస్తే దాదాపు 7,900 అదనం. ఒకసారి దిగి వెళ్లినవాళ్ల నంబర్లు దాచుకుని, రెండోసారి రాకకు టిఫిన్‌తో పాటు రాగిసంగటి భోజనం కలిపి ఇచ్చినా గిట్టుబాటే.

ఖాళీ గది కంటే ఎంతో కొంత నయమని 999కి దిగితే మాత్రం కమీషన్, పన్ను, ఖర్చులు పోను మిగిలేది 257. కడప మే నెలలో రాత్రంతా ఏసీ నడిస్తే అందులోంచి కూడా కొంత కరెంటు బిల్లుకు పోతుంది.