చివరి మాట కోసేసి హ్యాష్‌ట్యాగులు తగిలించాడండి

ఇప్పుడే వియ్యపురాలుగారు ఫోన్ పెట్టేశారు. "మా వాడు మీ ఇంట్లో ఏమీ తినలేదంట కదా వదినగారూ, మా చుట్టాలందరూ చదివి చెప్తున్నారు" అన్నారు. మా చెల్లి స్పీకర్లో పెట్టింది కాబట్టి అందరం విన్నాం. ఆవిడ గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేదండి.

దీనికంతటికీ కారణం మా చెల్లి కొడుకు. పండక్కి ఇంటికొచ్చిన ఇంజినీరు. అల్లుడుగారి భోజనం ఫొటో ఎక్స్‌లో పెడతానన్నాడు. అక్కడ ఒక పోస్టుకి 280 అక్షరాలే హద్దంట. రాసేది నాచేత రాయించుకున్నాడు. తీరా పెట్టేముందు "పెద్దమ్మా, 280 దాటింది, నేను సెట్ చేసేశాలే" అన్నాడు. సెట్ చేయడమంటే ఇదన్నమాట.

నేను రాసి పంపింది ఇది:

"మా ఇంట్లో కొత్త అల్లుడుగారికి సంక్రాంతి పండగ సందర్భంగా మా అక్కచెల్లెళ్లందరం కలిసి రాత్రింబవళ్లు కష్టపడి నూట డెబ్బై మూడు రకాల వంటకాలు చేసి వడ్డించామండి. అల్లుడుగారు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా అన్నిటినీ ఎంతో శ్రద్ధగా చూశారండి. చూసి, మా చెల్లి చెవి దగ్గరకొచ్చి, కాస్త చారన్నం ఉందా అత్తయ్యగారూ అని మెల్లిగా అడిగారండి."

వాడు పెట్టింది ఇది:

"కొత్త అల్లుడు చారన్నం అడిగాడు 😂😂😂 బోలెడు వంటలు చేస్తే ఏమీ తినలేదు!! #సంక్రాంతి #కోనసీమ #గోదావరి_మర్యాదలు #కొత్తఅల్లుడు"

చదివారు కదా. మీకు నవ్వొచ్చిందా? నాకైతే రాలేదు. వియ్యపురాలుగారికి అసలే రాలేదు. అయినా ఏమీ తినకపోవడమేంటండీ? పూతరేకులు తిన్నారు, పాకుండలు తిన్నారు, పొట్టిక్కలు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. "ఏమీ తినలేదు" అని నేనెక్కడ రాశాను? నా రాతలో లేని అబద్ధం చోటు చాలదని పుట్టుకొస్తుందా?

సరే, చోటు సంగతే చూద్దాం. వీడు ఇంజినీరు కాబట్టి వీడికి లెక్క తెలుసనుకుంటాం. నాది ఎన్నుందో వాణ్ణే అడిగాను. 311. అంటే ఎక్కువైంది 31. వాడు పెట్టింది ఎంతో కూడా లెక్కపెట్టించాను. 121! 31 తీయమంటే 190 తీసేశాడు. ఇంకా 159 ఖాళీగా పడున్నాయి. అందులో మా వియ్యంకుడుగారి వంశవృక్షం మొత్తం పట్టేది.

ఈ 280 లెక్క మన తెలుగుకి కాస్త గడుసుగానే ఉంటుందిలెండి, అది ఒప్పుకోవాలి. మనం కంటితో చూసే అక్షరం వేరు, అది లెక్కపెట్టే ముక్క వేరు. గుడి ఒకటి, కొమ్ము ఒకటి, సున్నా ఒకటి, ఒత్తు పెట్టడానికి లోపల ఉండే పొల్లు ఒకటి. అన్నిటికీ విడివిడిగా పద్దు రాస్తుంది. "వడ్డించామండి" మన కంటికి 5 అక్షరాలు, దానికి 12. "అక్కచెల్లెళ్లందరం" మనకి 7, దానికి 17. మాటల మధ్య ఖాళీ కూడా ఒకటే. ఎమోజీ అయితే ఒక్కోటి 2. 2017 నవంబరు దాకా ఇది 140 ఉండేది, అప్పుడు తెలుగులో జోకు వేసినవాళ్లకి దండం పెట్టాలి. డబ్బులు కట్టేవాళ్లకి ఇప్పుడు ఇంకా పొడుగు రాసుకోనిస్తారంట. మావాడు కట్టడు. వాడు ఫోను రీచార్జికే వాళ్ల నాన్న దగ్గర చేయి చాపుతాడు.

అసలు గొడవ ఎక్కడొస్తుందంటే, 280 దాటగానే అది ఎక్కువైన భాగానికి ఎర్రరంగు పూసి చూపిస్తుంది. ఎక్కడ పూస్తుంది? చివర! నా దాంట్లో "అత్తయ్యగారూ" సగంలోంచి కింద దాకా ఎర్రగా వచ్చింది. అంతే, కుర్రాళ్లు అదేదో పోలీసు గీసిన గీత అన్నట్టు అక్కణ్ణుంచే కోయడం మొదలెడతారు. జోకు ఉండేది ఎక్కడ? చివర్లో! ఎక్కువైంది చివర కనిపించినంత మాత్రాన కొవ్వు చివర ఉందని కాదండి. నా రాతలో కొవ్వంతా మొదటి వాక్యంలో ఉంది. ఎవరైనా అంతే, కథ చెప్పడం మొదలెట్టేటప్పుడే నాలుగు మాటలు ఎక్కువ వాడతారు.

"మా ఇంట్లో" ఎందుకు? మీ ఇంట్లో కాకపోతే ఎదురింటి అల్లుడికి వడ్డిస్తామా? తీసెయ్. పది పోయింది. "సంక్రాంతి పండగ సందర్భంగా" ఎందుకు? ఫొటోలో గుమ్మం ముందు గొబ్బెమ్మలు కనపడుతున్నాయి, వెనకాల గోడకి కొత్త క్యాలెండరు కూడా ఉంది. ఫొటో 280లోకి రాదు, అది ఉచితం. ఫొటో చెప్పేది మళ్లీ అక్షరాలు పెట్టి చెప్పక్కర్లేదు. అవి ఖాళీలతో కలిపి 25. పదీ పాతికా 35. 311లోంచి 35 తీస్తే 276. అయిపోయింది కదరా! ఈ రెండు ముక్కలు తీస్తే ఎర్రరంగే ఉండదు, ఒక్క నవ్వు కూడా పోదు.

ఇంకా బిగించాలనుకుంటే "నూట డెబ్బై మూడు" బదులు 173 అని వేస్తే పన్నెండు మిగులుతాయి. "రకాల వంటకాలు చేసి" అనే బదులు "రకాలు" చాలు, ఇంకో పన్నెండు. రెండోసారి వచ్చిన "మా", ఆ పక్కన "కలిసి" కూడా పోవచ్చు. "అక్కచెల్లెళ్లందరం" మాత్రం 17 తిన్నా సరే ఉండాలి. అది తీస్తే మా రెండో చెల్లి మళ్లీ పండగదాకా మాట్లాడదు.

ఈ లెక్క చెప్తుంటే మావాడు ఏమన్నాడో తెలుసా? "ఎందుకు పెద్దమ్మా అంత కష్టం, ఆ రెండో వాక్యం వేస్టు, అది లేపేస్తే సరిపోయేది" అన్నాడు. లేపేస్తే సరిపోతుంది, నిజమే. 240కి దిగుతుంది. జోకు కూడా దాంతోపాటే దిగిపోతుంది! ఒరే, ఆయన ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఎంతో శ్రద్ధగా చూస్తేనే కదా, చదివేవాడు "ఏది ముందు ముట్టుకుంటారో" అని ఎదురుచూసేది. ఆ ఎదురుచూపు లేకపోతే చారన్నం ఎవడికి కావాలి? ఆ వాక్యం పొడుగ్గా ఉండాలి. ఆయన చూపు అంత దూరం నడవాలి. తర్వాత "చూసి," అని ఒక్క క్షణం ఆగాలి. అక్కడ కామా కూడా తీయడానికి వీల్లేదు. అదీ ఒకటే కదా తినేది.

నన్ను సెట్ చేయమంటే ఇలా చేస్తాను:

"కొత్త అల్లుడుగారికి అక్కచెల్లెళ్లందరం రాత్రింబవళ్లు కష్టపడి 173 రకాలు వడ్డించామండి. అల్లుడుగారు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా అన్నిటినీ ఎంతో శ్రద్ధగా చూశారండి. చూసి, మా చెల్లి చెవి దగ్గరకొచ్చి మెల్లిగా అడిగారండి: “కాస్త చారన్నం ఉందా అత్తయ్యగారూ?”"

ఇది 241. వాడు లేపేస్తానన్న పద్ధతికీ దీనికీ ఒక్క అక్షరం తేడా. అందులో నవ్వు లేదు, ఇందులో ఉంది. చూశారుగా, "అని మెల్లిగా అడిగారండి" అనేదాన్ని కూడా ముందుకి జరిపాను. నోటితో చెప్పేటప్పుడు "ఉందా అత్తయ్యగారూ అని అడిగారండి" అంటే బాగుంటుంది, ఎందుకంటే చెప్పేవాళ్లం ఆయన మొహం పెట్టి చూపిస్తాం. రాతలో మొహం ఉండదు. అందుకే నవ్వొచ్చే మాట తర్వాత ఇంకేం మిగలకూడదు. అత్తయ్యగారూ అన్నాక దీపం ఆర్పెయ్యాలంతే.

వాడేం చేశాడు? చారన్నాన్ని తెచ్చి మొదటి వరసలోనే పెట్టేశాడు! గుట్టు ముందే విప్పి, తర్వాత మూడు నవ్వు మొహాలు పెట్టాడు, ఇక్కడ నవ్వండి అని బోర్డు కట్టినట్టు. 173 తీసేసి "బోలెడు" పెట్టాడు. 173 అంటే మూడు, బోలెడు అంటే ఆరు. చోటు చాలట్లేదని కోస్తున్నవాడు మూడు ఎక్కువ ఖర్చుపెట్టి మరీ సంఖ్య పీకేశాడండి! 173 అంటే ఎవరో కూర్చుని లెక్కపెట్టారని తెలుస్తుంది, లెక్కపెట్టడంలోనే సగం నవ్వుంది. బోలెడు అంటే ఏముంది, ఏ హోటల్లోనైనా ఉంటాయి.

ఇక "అడిగాడు". ఆయ్, అల్లుణ్ణి పట్టుకుని అడిగాడు! మన వైపు కొత్తల్లుడు నిద్రలో గురకపెట్టినా "పెట్టారండి" అంటాం. ఆ మర్యాదంతా పేర్చి పేర్చి, చివరికి ఆయన చారన్నం అడగడమే కదా జోకు. మర్యాద తీసేస్తే మిగిలేది ఎవడో ఒకడు చారన్నం అడిగాడని. "అడిగారండి"కి 9, "అడిగాడు"కి 7. రెండు మిగిల్చాడు. ఆ రెండిటితో ఏం చేశాడయ్యా అంటే, ఒక ఎమోజీ. వియ్యాలవారి దగ్గర మా పరువు ఖరీదు ఒక పసుపుపచ్చ మొహమన్నమాట.

పైగా హ్యాష్‌ట్యాగులు నాలుగు. ఖాళీలతో కలిపి 51. మొత్తం 121లో జోకుకి దక్కింది 70. "గోదావరి మర్యాదలు" అని దాంట్లో ఒకటి, ఆ పక్కనే "అల్లుడు అడిగాడు".

వీడికిది కొత్త కాదండి. చోటు చాల్లేదన్న మాట వీడి నోట ఇంతకుముందూ విన్నాను. మొన్న శ్రావణంలో ఈ అల్లుడుగారి పెళ్లికి ఫ్లెక్సీ వీడే వేయించాడు. పందిరి రాటల నుంచి వంటవాళ్ల అడ్వాన్సు దాకా తిరిగింది మా ఆయన. ఫ్లెక్సీలో మా ఆయన ఫొటో లేదు. పేరూ లేదు. అడిగితే "ప్లేస్ లేదు పెద్దమ్మా" అన్నాడు. అదేమో బస్సు అంత ఫ్లెక్సీ! అందులో వీడి స్నేహితులందరూ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని, రెండు వరసల్లో నిలబడ్డారు. వాళ్లలో సగం మంది పెళ్లికే రాలేదు, రిసెప్షన్‌కి వచ్చి బిర్యానీ తిని వెళ్లిపోయారు. వాళ్లకుంది ప్లేస్. పెదనాన్నకి లేదు.

అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. కోయాల్సి వస్తే వీడి కత్తెర తిన్నగా ఇంటికి కావలసినదాని మీదకే వెళ్తుంది. మా మరిదిగారేమో "పిల్లాడు కదా వదినా" అంటారు. పిల్లాడికి ఇరవై నాలుగేళ్లండి.

మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అది వేరే సంగతి. కోత అయ్యాక వానలొస్తే ఆ ఫ్లెక్సీ కల్లంలో ధాన్యం రాశి మీద కప్పింది కూడా ఆయనే. నల్లకళ్లద్దాలవాళ్లంతా నాలుగు రోజులు వానలో తడిశారు, నాకు కాస్త తృప్తిగానే ఉంది.

ఇప్పుడు వియ్యపురాలుగారికి ఫోన్ చేసి పొట్టిక్కల సంగతి ఎవరు చెప్తారు? నేనే చెప్పాలి. పోస్టు తీసేయరా అంటే "అరవై లైకులొచ్చాయి పెద్దమ్మా" అంటున్నాడు. వచ్చే మాఘంలో వీడి పెళ్లే. ఆ ఫ్లెక్సీ ప్రూఫు, కార్డు ప్రూఫు నా కంటపడకుండా ప్రింటుకి వెళ్తే మాత్రం, వీడి అత్తారింటికి నేనే స్వయంగా వెళ్లి వీడికి చారన్నం తప్ప ఇంకేం పెట్టొద్దని చెప్పొస్తాను.