పై వాటా వారి ఫ్రిజ్, మా ఫ్రిజ్

పాత ఫ్రిజ్‌ను యాప్‌లో అమ్మకానికి పెట్టాలని నిర్ణయించుకున్న రోజున, ధర కట్టే బాధ్యతను నేను ఎంతో గంభీరంగా స్వీకరించాను. ఏడేళ్ల నాటి బిల్లును బీరువా అడుగునుంచి వెలికితీసి, ఇన్నేళ్లలో దాని మీద ఒక్క గీత కూడా పడకుండా చూసుకున్నాం గనుక బిల్లులో నూటికి డెబ్బై వంతులు అడగడం న్యాయమేనని తీర్మానించాను. "కొనేవాడికి ఆ బిల్లుతో ఏం పని? వాడు ఈరోజు దుకాణంలో కొత్తది ఎంతకొస్తుందో చూస్తాడు గానీ" అని మా ఆవిడ అన్నది. ఆ మాటలోని సత్యం నాకు తెలిసేసరికి మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాల్లోనూ నాకు వచ్చిన సందేశాలు రెండే రకాలు: "ఉందా?" అన్నది ఒకటి, "లాస్ట్ ఎంత?" అన్నది రెండవది. ఉందని జవాబిచ్చిన వెంటనే మొదటివారు మాయమయ్యేవారు. ధర చెప్పిన వెంటనే రెండవవారు మాయమయ్యేవారు. అనుమానం వచ్చి అదే యాప్‌లో అదే కొలత ఫ్రిజ్‌ల ప్రకటనలు వెతికితే, ఒకాయన తన ఫ్రిజ్‌కు నాకంటే రెండు వంతులు ఎక్కువే అడుగుతున్నాడు. నా మనసు కుదుటపడింది. అమ్ముడుపోయిన వస్తువుల ప్రకటనలను చాలామంది తీసేస్తారనీ, నెలల తరబడి కళ్లముందు మిగిలేవి చాలావరకు అమ్ముడుపోనివేననీ అప్పుడు నాకు తట్టలేదు. పరీక్ష తప్పినవాడి జవాబు పత్రం చూసి, నా జవాబులు సరిపోయాయని మురిసిపోయినట్టయింది.

ఈ అనుభవంతో సోఫా విషయంలో అవతలి ఒడ్డుకు దూకాను. ఎవరైనా పట్టుకుపోతే చాలన్నంత తక్కువ ధర పెట్టగానే పది నిమిషాల్లో ఇరవై సందేశాలు వచ్చాయి. తొలి గంటలోనే ఫోను అలా మోగిందంటే ధర మరీ కిందికి పోయిందని అర్థం. అయితే నన్ను నొప్పించింది ఆ నష్టం కాదు, "ఇంత తక్కువంటే నల్లులు గానీ ఉన్నాయా?" అని ఒకావిడ అడిగిన ప్రశ్న.

చివరకు ఫ్రిజ్ చూడటానికి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన వస్తున్నారని ముందురోజే దాన్ని కడిగి, ప్లగ్గు తీసి, తలుపు గట్టిగా మూసి ఉంచాను. తలుపు తెరవగానే వచ్చిన ముక్కిపోయిన వాసనకు ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, "ఆపిన ఫ్రిజ్ తలుపు ఓరగా తెరిచి ఉంచాలండీ. అయినా నడుస్తూ ఉంటేనే కదా చల్లబడుతోందో లేదో నాకు తెలిసేది" అన్నారు. తరువాత జేబులోంచి ఒక కాగితం ముక్క తీసి, తలుపు సందులో పెట్టి మూసి, మెల్లగా లాగారు. అది బిగువన్నది లేకుండా జారి వచ్చేసింది. "రబ్బరు పట్టీ వదులైపోయింది. మీ ఫ్రిజ్ ఇన్నాళ్లూ మీ వంటగదిని కూడా చల్లబరచాలని చూసిందన్నమాట!"

ఆ కాగితం మీదే ఆయన లెక్క వేశారు. ఈనాటి కొత్త ఫ్రిజ్ ధర నూరు వంతులు. ఫ్రిజ్ ఆయుష్షు సుమారు పన్నెండేళ్లు అనుకుంటే మిగిలింది ఐదేళ్లు, అంటే నలభై రెండు వంతులు. వారంటీ లేదు గనుక రేపు కంప్రెసర్ పోతే ఖర్చు కొనేవాడిదే; దానికి ఎనిమిది వంతులు తీసేశారు. పట్టీ మార్పించడానికి, మెట్లు దింపి బండికెక్కించడానికి ఇంకో ఆరు. మిగిలినవి ఇరవై ఎనిమిది. "మీరు ముప్పై రెండు అడిగి ఉంటే బేరమాడి ఇక్కడికే వచ్చేవాళ్లం, మొదటి వారంలోనే" అన్నారు. ఎదురు చెప్పడానికి నా దగ్గర బిల్లు తప్ప ఏమీ లేకపోవడంతో, ఇరవై ఎనిమిదికే ఒప్పుకున్నాను.

ఫ్రిజ్‌ను బండికెక్కించి పంపి మెట్లెక్కుతుంటే పై వాటా ఆయన ఎదురయ్యారు. "ఏమండీ, మీది అమ్ముడుపోయిందా! యాప్‌లో మీ ధర చూసే, మాది కాస్త కొత్తదని రెండు వంతులు కలిపి నేనూ పెట్టాను. ఒక్కడూ రావడం లేదు. ఇంతకీ ఎంతకు పోయింది?" అని ఆశగా అడిగారు. నాకు ధైర్యమిచ్చిన ఆ ప్రకటన ఎవరిదో అప్పుడు తెలిసింది. జవాబేమీ చెప్పకుండా, పెద్దాయన నా చేతిలో వదిలి వెళ్లిన కాగితం ముక్కను మడత విప్పి, "పదండి, ముందు మీ ఫ్రిజ్ తలుపు చూద్దాం" అంటూ పైకి దారితీశాను.