టేపు కొలతలతో వచ్చేది అంచనా బరువు మాత్రమే

"మంచం దిగలేని పేషెంట్‌కు వెయింగ్ మెషిన్ అక్కర్లేదు. చేయి చుట్టుకొలత, మోకాలి ఎత్తు, పిక్క టేపుతో కొలిచి ఫార్ములాలో వేస్తే కచ్చితమైన బరువు వచ్చేస్తుంది. వారం వారం చూసుకోవచ్చు, మందుల డోసు కూడా దాంతోనే లెక్కేసుకోవచ్చు" అని కొందరు అంటుంటారు.

ముందు ఆ కచ్చితత్వం సంగతి చూద్దాం. పెద్ద వయసు వాళ్ల కోసం పరిశోధకుడు చమ్లీ బృందం 1988లో ప్రచురించిన సూత్రాల్లో ఆడవాళ్లకు బాగా వాడేది ఇది:

```
బరువు = 1.27 × పిక్క + 0.87 × మోకాలి ఎత్తు
      + 0.98 × చేయి + 0.4 × చర్మపు మడత − 62.35
```

చర్మపు మడత అంటే వీపున రెక్క ఎముక కింద క్యాలిపర్‌తో పట్టి కొలిచేది. అది మిల్లీమీటర్లలో, మిగతావి సెంటీమీటర్లలో. ఒక 70 ఏళ్ల ఆవిడకు పిక్క 29, మోకాలి ఎత్తు 46, చేయి 24, మడత 10 అనుకోండి. లెక్క 42 కిలోలు చూపిస్తుంది. చేయి, మోకాలి ఎత్తు చాలనే ఇంకో సూత్రం కూడా వాడుకలో ఉంది: 1.09 × మోకాలి ఎత్తు + 2.68 × చేయి − 65.51. అవే కొలతలు దీంట్లో వేస్తే దాదాపు 49 వస్తుంది. మనిషి ఒక్కరే, తేడా ఏడు కిలోలు. ఇక రెండిట్లో దేన్ని కచ్చితం అనాలి?

పైగా ఈ రెండో సూత్రంలో చేతి దగ్గర టేపు ఒక్క సెంటీమీటరు తేడా వస్తే బరువు 2.7 కిలోలు మారుతుంది. అందుకే మోచేయి మడిచి, భుజం కొన నుంచి మోచేతి కొన వరకు సగం దూరంలో గుర్తు పెట్టుకోవాలి. తర్వాత చేయి చాపి, చర్మం నొక్కుకుపోకుండా చుట్టాలి. మోకాలి ఎత్తుకు మోకాలు, చీలమండ రెండూ 90 డిగ్రీల్లో వంచి, మడమ కింది నుంచి మోకాలి చిప్పకు కాస్త పైన తొడ మీది వరకు పొడవాటి క్యాలిపర్‌తో కొలవాలి. మెత్తటి టేపు వంగిపోతుంది. కీళ్లు బిగుసుకుపోయి కాలు ఆ కోణంలోకి రాకపోతే ఆ కొలతను నమ్మలేం.

వాపు ఇంకా పెద్ద చిక్కు. పై ఆవిడకే పాదాల నుంచి నీరు పట్టి పిక్క 32 అయిందంటే లెక్కలో 3.8 కిలోలు పెరిగిపోతాయి, ఒళ్లు మాత్రం పట్టదు. పిక్క దగ్గర వేలితో కాసేపు నొక్కి వదిలితే గుంట నిలిచిందంటే ఆ కొలత పనికిరాదు. పొట్టలో నీరు చేరితే దీనికి తలకిందులు: అసలు బరువు పెరుగుతుంది, సూత్రానికి ఆ సంగతే తెలియదు.

వారం వారం మార్పు తెలియాలంటే సూత్రం జోలికి వెళ్లకుండా, వాపు లేని చేతి చుట్టుకొలతనే అదే గుర్తు దగ్గర సెంటీమీటర్లలో రాసుకోవడం నయం. పక్షవాతం ఉంటే బాగున్న వైపు చేయి తీసుకోవాలి.

డోసు విషయంలో మాత్రం అస్సలు రాజీ పడకూడదు. రక్తం గడ్డకట్టకుండా బరువును బట్టి ఇచ్చే హెపారిన్ లాంటి మందుకు ఏడు కిలోల తేడా చిన్నది కాదు. ఆసుపత్రిలో బెడ్ స్కేల్ గానీ, పేషెంట్‌ని ఎత్తి తూచే హాయిస్ట్ గానీ ఉందేమో అడగండి. లేకపోతే కేస్ షీట్‌లో అంకె పక్కన "అంచనా" అని, ఏ సూత్రమో, వాపు ఉందో లేదో రాయించండి. డోసు డాక్టరే తేల్చాలి.