వేలంపాటలో తల అడ్డంగా ఊపినవారితో ఎలా మాట్లాడాలి

సేవాకార్యక్రమాలకు నిధులు సమకూర్చే వేలంపాటల్లో ఒక దృశ్యం పదే పదే కనబడుతోంది. ధర పైకి వెళ్లి వెళ్లి చివరకు ఇద్దరు మిగులుతారు. వారిలో ఒకరు ఇక చాలని తల అడ్డంగా ఊపుతారు. మైకు పట్టుకున్న వ్యక్తి ఆ క్షణాన్ని వదిలిపెట్టడు. "అప్పుడే అయిపోయిందా సార్? పక్కన మేడమ్ గారు చూస్తున్నారు, మీరు ఇంతేనా?" అంటాడు. హాలంతా నవ్వుతుంది. ఆ పెద్దమనిషి ముఖం ఎర్రబడుతుంది, చేయి మళ్లీ లేస్తుంది. ధర మరో మెట్టు ఎక్కినందుకు నిర్వాహకులు సంతోషిస్తారు, ఆ మైకు మనిషినే మరుసటి ఏడాదికీ కుదుర్చుకుంటారు. ఈ పద్ధతి తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన అభ్యంతరం కాదు, వచ్చే డబ్బు లెక్కలో చూసినా ఇది నష్టమే.

వేలంలో ధరను నిర్ణయించేది గెలిచినవారని చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని నిర్ణయించేది రెండో స్థానంలో ఆగిపోయినవారు. ఒక వస్తువుకు రెండు లక్షలైనా ఇవ్వడానికి సిద్ధపడి ఒకరు వచ్చారనుకుందాం. మిగిలినవారందరూ ముప్పై వేల దగ్గరే ఆగిపోతే, ఆ వస్తువు ముప్పై అయిదు వేలకే పోతుంది. అదే డెబ్భై అయిదు వేల దాకా వచ్చే రెండో వ్యక్తి ఆ గదిలో ఉంటే ఎనభైకి వెళుతుంది. అంటే ఆ రాత్రి సంస్థకు అదనంగా వచ్చిన నలభై అయిదు వేలు, ఏ వస్తువూ చేతికి రాకుండా ఇంటికి వెళ్లబోతున్న ఆ వ్యక్తి వల్ల వచ్చాయి. పైగా ఖర్చు పెట్టడానికి తెచ్చుకున్న ఆయన డబ్బు ఇంకా ఆయన దగ్గరే ఉంది. తర్వాత మరికొన్ని వస్తువులు వేలానికి రావాల్సి ఉంది, చివర్లో నేరుగా విరాళాలు అడిగే ఘట్టమూ ఉంది. అందరి ముందూ చిన్నబోయిన మనిషి, పాట పాడేందుకు ఎత్తే తన నంబరు అట్టను బల్ల కింద పెట్టేసి, మిగిలిన కార్యక్రమమంతా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఒక్క మెట్టు కోసం చేసిన వెక్కిరింత మిగతా రాత్రంతటినీ తినేస్తుంది.

మరి ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుందని అడిగేవారున్నారు. ఉత్సాహం లయలోనుంచి, స్పష్టతలోనుంచి వస్తుంది. వేలం పాడించేవారి నోట ప్రతి వాక్యంలోనూ రెండు అంకెలు వినబడాలి: ఇప్పుడు చేతిలో ఉన్న పాట ఎంత, తర్వాత అడుగుతున్నది ఎంత. "నలభై వేలు ఇక్కడ ఉంది, నలభై అయిదు అడుగుతున్నాను" అనే మాట ఆగకుండా, తడబడకుండా, ఒకే తూగులో సాగితే చాలు, గదిలో వేడి దానంతటదే పుడుతుంది. పశువుల వేలాల్లోనూ పొగాకు వేలాల్లోనూ వినిపించే మెరుపువేగం ఇక్కడ పనికిరాదు. అక్కడ కొనేవారు రోజూ అదే పనిలో ఉన్న వ్యాపారులు, ఆ వేగం వారి చెవికి అలవాటు. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది జీవితంలో మొదటిసారి వేలంలో చేయి ఎత్తుతున్నారు. ఇప్పుడు ధర ఎంత, తాము ఎత్తితే ఎంత ఇవ్వాల్సి వస్తుంది అన్నది ఒక్క క్షణం తెలియకపోయినా వారి చేయి లేవదు.

ఒక ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ఒక వడ్రంగి తన చేతులతో చేసిన ఊగే కుర్చీని సంస్థకు ఇచ్చాడు. అది ఎనభై వేల దాకా పలుకుతుందని నిర్వాహకుల అంచనా. వేలం పాడించే మంచి పాటగాడు దాన్ని అరవై దగ్గర మొదలుపెట్టడు. అరవై అంటే హాలు నిశ్శబ్దమవుతుంది, యాభై, నలభై అంటూ దిగాల్సి వస్తుంది, ఆ దిగడంతో వస్తువు పరువు పోతుంది. అతను ఇరవై వేల దగ్గర మొదలుపెడతాడు. వెంటనే ఏడెనిమిది చేతులు లేస్తాయి. ఒకసారి ఎత్తిన చేయి రెండోసారి సులువుగా లేస్తుంది కాబట్టి ఆ చౌక ఆరంభం వృథా పోదు. అయిదు వేల చొప్పున ఇరవై అయిదు, ముప్పై, ముప్పై అయిదు, నలభై అని వేగంగా తీసుకుంటాడు. ఈ దశలో ఎవరినీ ప్రత్యేకంగా బతిమాలడు, గది తనంతట తానే పరిగెడుతోంది. యాభై దగ్గరకు వచ్చేసరికి ముగ్గురు, యాభై అయిదు దగ్గర ఇద్దరు మిగులుతారు: ఎడమ వరుసలో పద్నాలుగో నంబరు మహిళ, వెనక బల్ల దగ్గర ముప్పై ఒకటో నంబరు పెద్దాయన.

ఇక్కడినుంచి మాటతీరు మారాలి. యాభై అయిదు ఆయనది, అరవై ఆమెది, అరవై అయిదు ఆయనది, డెబ్భై ఆమెది, డెబ్భై అయిదు ఆయనది, ఎనభై ఆమెది. ప్రతి మెట్టుకూ పాటగాడు ఎవరివైపు తిరుగుతున్నాడో గదికంతటికీ తెలిసేలా ఒళ్లంతా అటు తిప్పుతాడు, చేతిని విప్పి అరచేతితో చూపిస్తాడు, వేలెత్తి చూపించడు. పేరు తెలిసినా నంబరుతోనే, "అమ్మా", "అయ్యా" అనే పిలుస్తాడు. పేరు పెట్టి పిలిస్తే ఆ మనిషి ఆస్తి, వ్యాపారం, బంధుత్వాలు అన్నీ ఆ పిలుపుతో పాటు గదిలోకి వస్తాయి. "మీకు ఇదొక లెక్కా" అనే మాట అక్కడినుంచే పుడుతుంది. భార్యాభర్తల మధ్య తగవు పెట్టే హాస్యం కూడా నాకు ససేమిరా నచ్చదు. వారు పక్కపక్కన కూర్చుని తమ ఇంటి డబ్బు గురించి నిర్ణయం తీసుకుంటున్నారు, అందులో మైకుకు పని లేదు.

ఇప్పుడు ఎనభై అయిదు కోసం పెద్దాయన వైపు తిరగాలి. ఆయన తటపటాయిస్తున్నాడు. అరిచే పాటగాడు ఇక్కడ గొంతు పెంచుతాడు, తెలిసినవాడు తగ్గిస్తాడు. "అయ్యా, ఎనభై వేలు అమ్మగారి దగ్గర ఉంది. ఎనభై అయిదు అడుగుతున్నాను. తొందరేమీ లేదు" అని నాలుగైదు సెకన్లు ఊరుకుంటాడు. ఈ మౌనాన్ని మించిన ఉత్కంఠ ఎన్ని కేకలు వేసినా రాదు, ఎందుకంటే హాలులో అందరూ ఊపిరి బిగబట్టి ఆయన చేతివైపే చూస్తుంటారు. పాటగాడు మాత్రం ఆయన కళ్లను గమనిస్తాడు. ఆయన ఇంకా కుర్చీ వైపు చూస్తున్నా, పక్కనున్నవారితో గుసగుసలాడుతున్నా మనసు ఇంకా తేలలేదని అర్థం. అప్పుడు సగం మెట్టు ఇవ్వవచ్చు: "కావాలంటే ఎనభై రెండున్నర తీసుకుంటానయ్యా." నంబరు అట్ట బల్లమీద బోర్లా పెట్టేసినా, చూపు కిందికి దించుకున్నా ఇక అడగకూడదు. తల అడ్డంగా ఊపిన తర్వాత సగం మెట్టు కూడా అడగకూడదన్నది నా అభిప్రాయం. సందేహంలో ఉన్న మనిషికి అది వెసులుబాటు, వద్దన్న మనిషికి అది బలవంతం.

ఆయన వద్దన్నాక పలకాల్సిన మాట ఒక్కటే: "చాలా బాగా పాడారయ్యా, కుర్చీకి ఇంత ధర వచ్చిందంటే మీ వల్లే. ధన్యవాదాలు." ఇది పైపై పొగడ్త కాదు, పైన చెప్పిన లెక్క ప్రకారం అక్షరాలా నిజం. ఆ మాట పూర్తయ్యాక గదంతటినీ ఒకసారి చూసి, "ఎనభై వేలు, ఎడమవైపు అమ్మగారి దగ్గర ఉంది. కొత్తగా ఎవరైనా వస్తారా?" అని అడగాలి. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న మూడో మనిషి ఈ పిలుపుతోనే లేవడం అరుదేమీ కాదు. ఎవరూ రాకపోతే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని సమాన విరామాలతో చెప్పి సుత్తి కొట్టాలి. రెండోసారికీ మూడోసారికీ మధ్య కావాలని సాగదీయడం, ఒక్కసారిగా తొందరపెట్టడం రెండూ పాటదారులను మోసగించినట్టే.

లేని పాటను ఉన్నట్టు చూపించడం గురించి కూడా చెప్పాలి. ఒకే మనిషి మిగిలినప్పుడు వెనక గోడవైపు చూసి "అక్కడ తొంభై వచ్చింది" అని ధర పెంచేవారున్నారు. అలా పెంచిన మెట్టు దగ్గర అసలు మనిషి ఆగిపోతే వస్తువు గోడకు అమ్ముడుపోయినట్టే, దాన్ని సరిదిద్దడానికి మరో అబద్ధం కావాలి. విరాళం ఇవ్వడానికి వచ్చిన మనిషిని విరాళం కోసమే మోసం చేయడం నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే విషయం.

పొరపాటున చేయి ఎత్తినవారి విషయంలోనూ ఇదే నిజాయితీ ఉండాలి. సుత్తి పడేదాకా పాటను వెనక్కి తీసుకోవచ్చని ఇంగ్లండులో 1789లోనే పేన్ వర్సెస్ కేవ్ అనే కేసులో తేల్చారు. అక్కడ పాటదారు నలభై పౌండ్లకు పాడి, సుత్తి పడకముందే వద్దన్నాడు, న్యాయస్థానం అతనివైపే నిలిచింది. కాబట్టి ఎవరైనా కంగారుగా "నేను ఎత్తలేదండీ" అంటే "పర్వాలేదమ్మా" అని వెనక్కి వెళ్లి, అంతకుముందు పాడినవారిని మీ పాట నిలుపుకుంటారా అని అడిగి ముందుకు సాగాలి. అర నిమిషంలో అయిపోయే పని అది.

కుర్చీ విషయంలో మరో దారి కూడా ఉంది. చాలామంది నిర్వాహకులు దాన్ని ముందుగా ఆలోచించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అలాంటి కుర్చీ మరొకటి చేసి ఇవ్వగలరా అని వడ్రంగిని కార్యక్రమానికి ముందే అడిగి ఉంచితే, చివరి ఇద్దరికీ చెరొకటి డెబ్భై అయిదు వేలకు ఇవ్వవచ్చు. ఎనభై వేలు రావాల్సిన చోట లక్షా యాభై వేలు వస్తాయి. ఆమెకు అయిదు వేలు మిగులుతాయి, ఆయన తాను ఒప్పుకున్న ధరకే కుర్చీ తీసుకువెళతాడు. అయితే అటువంటిది ఒక్కటే ఉంటుందనుకుని పాడినవారికి ఆ తర్వాత రెండోది చూపించడం అన్యాయం. అందుకని రెండోదానికి అవకాశం ఉందని పాట మొదలుకాకముందే ప్రకటించాలి. రెండోది చేసే వీలు వడ్రంగికి లేకపోతే ఈ ఆలోచనను అక్కడితో వదిలేయాలి, వేదికమీద అప్పటికప్పుడు ఆయనను ఇరికించకూడదు.

ఇలాంటి కార్యక్రమం పెట్టుకునేవారికి నాదొక విన్నపం. పాట పాడించడానికి ఎవరినైనా కుదుర్చుకునేముందు ఎదురుగా కూర్చోబెట్టి, "ఎనభై దగ్గర నేను తల అడ్డంగా ఊపాను, ఇప్పుడు మీరేమంటారు?" అని అడగండి. సమాధానంగా వచ్చేది మీ పరువు మీద జోకైతే ఆ మనిషికి మైకు ఇవ్వకండి.