ఆ మానిటర్ పోలేదు, దయచేసి పారేయకండి

మొన్న తెనాలిలో మా బావ డీటీపీ షాపుకు వెళ్లాను. శుభలేఖ ఒకటి చేతిలో పట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. పైన 'శుభలేఖ' అని ఉండాల్సిన చోట 'శుబలేఖ' అని అచ్చయింది. రెండు వందల కార్డులు. "తెర మీద బ ఏదో భ ఏదో తెలిస్తే కదయ్యా దిద్దడానికి" అన్నాడు. ఆయన కళ్లలో లోపమేమీ లేదు. ముందున్న 17 అంగుళాల పాత ఎల్‌సీడీ మానిటర్‌లో అక్షరాలు నిజంగానే అలికినట్టు ఉన్నాయి. బొమ్మ మొత్తం ఎడమకు జరిగి ఐకాన్లు సగం తెగిపోయాయి. కుడి పక్కన వేలెడు వెడల్పున నల్ల పట్టీ ఉంది.

వారం ముందు ఒక టెక్నీషియన్ వచ్చి చూసి "ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి వెళ్లాడట. నాకు కోపం వచ్చింది అక్కడే. ప్యానెల్ పోతే గీతలు పడతాయి, మచ్చలు వస్తాయి. బొమ్మ పక్కకు జరగదు. జరిగిందంటే మానిటర్ లెక్క తప్పిందని అర్థం. వీజీఏ అనే పాత రకం తీగతో కంప్యూటర్‌కు కలిపి వాడే ఏ ఎల్‌సీడీకైనా ఈ జబ్బు రావచ్చు, వాటిలోనే దీనికి మందు కూడా ఉంది. అయినా ఇలా మసకబారిందని పాత సామాన్ల బండికి వేసేసిన మానిటర్లు ఎన్నో చూశాను.

అసలు లెక్క ఏమిటో చెబుతాను. వీజీఏ 1987 నాటిది, గాజు ట్యూబు మానిటర్ల కాలంలో పుట్టింది. ఆ తీగలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మూడు వోల్టేజీలుగా వస్తాయి. వాటితోపాటు 'ఇక్కడ కొత్త గీత మొదలు', 'ఇక్కడ కొత్త బొమ్మ మొదలు' అని చెప్పే రెండు సంకేతాలు వస్తాయి. ఒక పిక్సెల్ ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో చెప్పే సంకేతం మాత్రం ఏదీ రాదు. గాజు ట్యూబుకు అది అక్కర్లేదు. ఎల్‌సీడీకి కావాలి, తీగలో అది లేదు కాబట్టి మానిటరే ఊహించుకోవాలి.

మా బావ మానిటర్ 1280 × 1024. మామూలుగా 60 హెర్ట్జ్‌లో ఒక్కో గీతలో పక్కన కనపడని ఖాళీతో కలిపి 1688 పిక్సెళ్ల సమయం ఉంటుంది. మానిటర్ ఆ గీతను సరిగ్గా 1688 ముక్కలు చేయాలి. మానిటర్ మెనూలో `Clock` మార్చేది ఈ ముక్కల సంఖ్యనే. రెండు దువ్వెనలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. పళ్లు సమానంగా ఉంటే కలిసిపోతాయి. ఒకదానికి మూడు పళ్లు ఎక్కువైతే అంత పొడవులోనూ మూడు చోట్ల కలవవు. తెర మీద కూడా అంతే. క్లాక్ మూడు తప్పితే నిలువుగా సుమారు మూడు మసక పట్టీలు వస్తాయి, వాటి మధ్య అక్షరాలు బాగానే ఉంటాయి. అంటే పట్టీలను లెక్కపెడితే ఎంత తప్పిందో సుమారుగా తెలిసిపోతుంది.

`Phase` వేరు. ముక్కల సంఖ్య సరిపోయాక ఒక్కో ముక్కలో ఏ క్షణంలో రంగు చూసుకోవాలన్నది ఫేజ్. పిక్సెల్ నడిమధ్యలో చూస్తే శుభ్రంగా ఉంటుంది. సరిగ్గా రెండు పిక్సెళ్ల సందులో చూస్తే తెరంతా ఒకే తీరున మసకబారుతుంది, అక్షరాల అంచులు వణుకుతాయి. పట్టీలుగా మసక అయితే క్లాక్, అంతటా సమానంగా మసక అయితే ఫేజ్. ఈ తేడా తెలియక చాలామంది ముందే ఫేజ్ తిప్పుతారు. క్లాక్ తప్పి ఉండగా ఫేజ్ తిప్పితే పట్టీలు పక్కకు నడుస్తాయి, పోవు.

మరి మానిటర్ మీదున్న ఆటో బటన్ నొక్కితే ఇవన్నీ అదే సరిచేసుకోవాలి కదా? చేసుకుంటుంది, దానికి సరైన బొమ్మ చూపిస్తే. ఆటో మొదట బొమ్మ అంచులు వెతుకుతుంది. ఎడమ అంచు నుంచి కుడి అంచుకు ఎంత దూరమో కొలిచి క్లాక్ లెక్క వేస్తుంది. బావ తెర మీద వేంకటేశ్వర స్వామి పటం ఉంది, చుట్టూ నల్లటి నేపథ్యం. టాస్క్‌బార్ దాచేసి ఉంది. ఆ నలుపులో మానిటర్‌కు అసలు అంచు కనపడదు, లోపల ఎక్కడో తగిలిన వెలుగునే అంచు అనుకుంటుంది. అందుకే బొమ్మ ఎడమకు జరిగింది, వెడల్పు తక్కువనుకుని క్లాక్ పెంచుకుంది. ఆ టెక్నీషియన్ ఆటో నొక్కింది ఈ నల్ల తెర మీదే. జబ్బు ముదిరిందే తప్ప తగ్గలేదు.

పైగా అక్షరాలు పెద్దగా కనపడాలని రిజల్యూషన్ 1024 × 768కి దించి వెళ్లాడు. నాలుగు పిక్సెళ్లను ఐదుగా సాగదీయాల్సి వస్తే ఏ ఫేజూ దాన్ని శుభ్రం చేయలేదు. అందుకే ముందు దాన్ని 1280 × 1024, 60 హెర్ట్జ్‌కు మార్చాను.

తర్వాత పెయింట్‌లో 2 × 2 పిక్సెళ్ల బొమ్మ ఒకటి చేశాను. ఎదురెదురు మూలల్లో రెండు నల్లవి, రెండు తెల్లవి. దాన్ని వాల్‌పేపర్‌గా `Tile` పద్ధతిలో పెడితే తెరంతా ఒక్కో పిక్సెల్ చదరంగపు గళ్లు వస్తాయి. లైనక్స్ వాడేవాళ్లకు ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే ఒక్క లైను చాలు:

```
convert -size 1280x1024 pattern:gray50 test.png
```

సరిగ్గా ఉన్న మానిటర్‌లో ఇది దూరం నుంచి ఒకే రకం బూడిద రంగులా కనపడుతుంది. బావ దాంట్లో మూడు నిలువు పట్టీలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఇరవై నిమిషాలు ఆన్‌లోనే ఉంచాను, ఎందుకంటే మానిటర్ వేడెక్కేకొద్దీ ఫేజ్ కొంచెం జరుగుతుంది. అప్పుడు ఆ గళ్ల మీద ఆటో నొక్కాను. బొమ్మ చోటుకు వచ్చింది, మూడు పట్టీలు ఒకటి అయ్యాయి. మెనూలో క్లాక్ ఒక్క అంకె పెంచితే రెండయ్యాయి. వెనక్కు వచ్చి ఇంకొకటి తగ్గించగానే ఒక్కటీ లేదు.

ఫేజ్‌కు నాదో పద్ధతి ఉంది. బాగున్న చోటు వెతకడం కష్టం, చెడ్డ చోటు కంటికి వెంటనే తగులుతుంది. ఆ మానిటర్‌లో ఫేజ్ 0 నుంచి 63 దాకా ఉంది. 12 దగ్గర గళ్లన్నీ కలిసిపోయి తెర గిలగిల్లాడింది. అక్కడి నుంచి సగం చుట్టు, అంటే 32 కలిపి 44 దగ్గర ఆపాను. టైపింగ్ ఫైలు తెరిచాం. భ కింద ఒత్తు గీత సన్నగా, విడిగా కనపడింది. బావ మాట్లాడలేదు, శుభలేఖ ఫైలు తెరిచి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.

దీంతో నయం కానివీ ఉన్నాయి. అక్షరాలకు కుడివైపున నీడలా ఇంకో అక్షరం కనపడితే అది తీగ తప్పు. చవక ఎక్స్‌టెన్షన్ తీసేసి, పొట్టిగా, మందంగా ఉన్న తీగ వేయాలి. ఒక రంగు పూర్తిగా లేకపోతే ప్లగ్గులో పిన్ను వంగిందేమో చూడాలి. కంప్యూటర్‌కూ మానిటర్‌కూ డీవీఐ సాకెట్ ఉంటే అదే వాడండి, డిజిటల్‌గా వెళ్తే ఈ ఊహల గొడవే ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ పెట్టినవాళ్లకు మాత్రం ఈ గొడవ తప్పదు. మానిటర్‌కు వచ్చేది మళ్లీ అనలాగే.

వచ్చేముందు స్వామి పటం మళ్లీ పెట్టి, `Clock` ఎంతో, `Phase` 44 అని ఒక కాగితం మీద రాసి మానిటర్ వెనక అంటించాను. ఎవరైనా వచ్చి ఆ నల్ల తెర మీద మళ్లీ ఆటో నొక్కితే, ఆ రెండు అంకెలు వేసుకుని బొమ్మను చోటుకు జరుపుకోమని బావకు చెప్పాను.