తెర మూలన అంకె, గోడ మీద గడియారం

సీరియల్ మొదలవగానే తెర పై మూలలో చిన్న పెట్టె, అందులో ఒక అంకె కనిపిస్తాయి. అమెరికాలో అది సాధారణంగా 15 సెకన్ల పాటు తెర మీద ఉంటుంది. ఇరవయ్యో సెకనులో గదిలోకి వచ్చి కూర్చున్న పిల్లాడికి గానీ, వాడి వెనకే వచ్చిన తల్లికి గానీ అది కనబడే అవకాశం లేదు. టీవీ కార్యక్రమాలకు వయసు ముద్రలు వేసే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. ఆ ముద్ర పడ్డాక ఏం మారుతుందన్న విషయంలోనే ఒక్కో దేశానిదీ ఒక్కో తీరు. కొన్ని చోట్ల అది సమాచారం మాత్రమే. మరికొన్ని చోట్ల ఆ కార్యక్రమం ఎన్ని గంటలకు రావాలో అదే నిర్ణయిస్తుంది. ముద్రను ప్రసార వేళతో ముడిపెట్టకపోతే దాని పని సగంలోనే ఆగిపోతుందని మేము నమ్ముతున్నాం. ఎందుకో చెప్పడానికి బ్రెజిల్ అనుభవం కంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు.

బ్రెజిల్‌లో 2025 దాకా ముద్రలు ఆరు రకాలు. అందరూ చూడదగ్గదానికి ఆకుపచ్చ పెట్టెలో L అక్షరం ఉంటుంది. ఆ తర్వాత 10, 12, 14, 16, 18 అంకెలు వచ్చేవి. నీలం, పసుపు, నారింజ, ఎరుపు, నలుపు అంటూ ఒక్కో అంకెకూ ఒక్కో రంగు ఉంటుంది కాబట్టి చదవడం రానివాళ్లకు కూడా ఏది తేలికో, ఏది తీవ్రమో తెలుస్తుంది. 2007లో అక్కడి న్యాయ శాఖ ఈ అంకెలకు గడియారాన్ని జోడించింది. 12 ముద్ర ఉన్నది రాత్రి 8 తర్వాతే రావాల్సి ఉండేది. 14 అయితే 9 తర్వాత, 16 అయితే 10 తర్వాత, 18 అయితే 11 తర్వాత. వార్తలకు, ఆటలకు, ప్రకటనలకు ఈ లెక్క వర్తించేది కాదు. ముద్రను మొదట చానలే వేసుకుంటుంది. ప్రసారమయ్యాక శాఖ సిబ్బంది చూసి, అది తక్కువని తోస్తే పెంచుతారు. గడియారానికి చట్టబలం 1990 నాటి బాలల చట్టం నుంచి వచ్చింది. అనుమతించిన వేళకు కాకుండా వేరే వేళకు ప్రసారం చేస్తే జరిమానా, మళ్లీ అదే తప్పు చేస్తే రెండు రోజుల వరకు ప్రసారాల నిలిపివేత అని ఆ చట్టంలోని 254వ అధికరణం చెప్పింది.

అంకెకు గడియారం తోడైతే కథ రాసేవాళ్ల మీద ఎంత ఒత్తిడి పడుతుందో చూడండి. రాత్రి 9 గంటల సీరియల్‌కు 14 ముద్ర ఉందనుకుందాం. ఒక ఎపిసోడ్‌లో హత్యను దగ్గరగా, నెత్తుటితో సహా, తీరిగ్గా చూపించారు. శాఖ ముద్రను 16కి పెంచితే సీరియల్ రాత్రి 10కి జరగాలి. గంట జరగడమంటే చూసేవాళ్లు తగ్గడం, ప్రకటనల రాబడి పడిపోవడం. అందుకే ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఆ షాట్ కురచవుతుంది. కత్తి దిగడం కాకుండా చూస్తున్న మనిషి ముఖం తెర మీదికొస్తుంది. రాత్రి వచ్చిన సీరియళ్లను ఏళ్ల తర్వాత మధ్యాహ్నం మళ్లీ వేసేటప్పుడూ ఇదే జరుగుతుంది. చిన్న అంకె రావాలంటే కొన్ని సన్నివేశాలు పోవాలి. ఇది సృజన మీద పెత్తనమని రచయితలు బాధపడతారు. వాళ్ల బాధను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ రాత్రి 11 తర్వాత ఏం చూపించవద్దన్న ప్రశ్నే ఇక్కడ లేదు. కథను ఎవరూ ఆపడం లేదు, పిల్లలు తెర ముందు ఉండే గంటల నుంచి కాస్త పక్కకు జరపమంటున్నారు, అంతే.

అసలు చిక్కు మరో దిక్కు నుంచి వచ్చింది. బ్రెజిల్ అంతటా ఒకే టైమ్ ఉండదు. పడమటి కొసన పెరూ, బొలీవియా సరిహద్దుల్లో ఉన్న ఆక్రె రాష్ట్రం అప్పట్లో రాజధాని బ్రసీలియా కంటే రెండు గంటలు వెనక ఉండేది. బ్రసీలియాలో వేసవి కోసం గడియారాలు ముందుకు జరిపిన నెలల్లో ఆ తేడా మూడు గంటలయ్యేది. అంటే రాజధానిలో రాత్రి 9కి మొదలైన 14 ముద్ర సీరియల్, అదే సిగ్నల్ మీద ఆక్రెలో సాయంత్రం 7కి, వేసవి నెలల్లో 6కి ఇంట్లోకి వచ్చేసేది. ముద్ర అదే, దృశ్యం అదే. అక్కడి పిల్లవాడు మాత్రం అప్పుడే ఆటల నుంచి ఇంటికి వచ్చి ఉంటాడు. స్థానిక గడియారాన్నే లెక్కలోకి తీసుకోవాలని కొత్త నిబంధన పట్టుబట్టింది. దాంతో పడమటి రాష్ట్రాలకు కార్యక్రమాలను రికార్డు చేసి ఆలస్యంగా వదలాల్సిన పని చానళ్ల మీద పడింది. అది ఖర్చుతో కూడిన పని. 2008లో ఒక చట్టం ఆక్రె గడియారాన్నే గంట ముందుకు జరిపేసింది. దాని వెనక టీవీ చానళ్ల ఒత్తిడి ఉందన్న విమర్శ బలంగా వినిపించింది. కారణాలు ఏమైనా, సూర్యోదయం కంటే ముందే బడికి బయల్దేరాల్సి రావడం ప్రజలకు నచ్చలేదు. 2010 అక్టోబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో పాత సమయమే కావాలన్నారు. 2013 నవంబరులో అది తిరిగి వచ్చింది.

ఈ గొడవ మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. ప్రసార వేళ అంటే చానల్ కంట్రోల్ రూములోని గడియారం కాదు, పిల్లవాడి ఇంట్లోని గడియారం. దేశమంతటికీ ఒకే సిగ్నల్ పంపే ఉపగ్రహ చానళ్ల కాలంలో ఈ తేడాను పట్టించుకోకపోతే ఏ పట్టికైనా కాగితం మీదే ఉండిపోతుంది.

గడియారానికి ఉన్న చట్టబలం కూడా నిలవలేదు. 254వ అధికరణాన్ని సవాలు చేస్తూ 2001లో దాఖలైన కేసులో బ్రెజిల్ సుప్రీంకోర్టు 2016 ఆగస్టు 31న తీర్పు చెప్పింది. రాజ్యాంగం ప్రభుత్వానికి ఇచ్చింది సూచించే అధికారమే గానీ అనుమతి ఇచ్చే అధికారం కాదని, వేరే వేళకు వేసినందుకు శిక్షించడం భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని, ‘అనుమతించిన వేళకు కాకుండా వేరే వేళకు’ అన్న మాటలను ఆ అధికరణం నుంచి కొట్టేసింది. ముద్ర చూపించకుండా ప్రసారం చేస్తే శిక్ష అలాగే ఉంది. గంటల పట్టిక మాత్రం సిఫారసుగా మిగిలింది. ముందస్తు అనుమతి అనే మాట విన్నప్పుడు న్యాయస్థానం ఉలిక్కిపడటాన్ని, సెన్సార్ కత్తిరింపులను చూసిన పత్రికగా మేము అర్థం చేసుకోగలం. అయినా ఆ తీర్పుతో మేము ఏకీభవించలేకపోతున్నాం. బ్రిటన్‌లో రాత్రి 9 నుంచి వేకువ 5:30 వరకే పెద్దల కార్యక్రమాలు రావాలన్న నియమం దశాబ్దాలుగా ఉంది. అక్కడ టీవీ కార్యక్రమాలకు తప్పనిసరి వయసు ముద్ర కూడా లేదు, గడియారమే ముద్ర పని చేస్తుంది. 9 దాటిన మరుక్షణమే తీవ్రమైన దృశ్యాల్లోకి దూకకూడదనీ, మార్పు మెల్లగా ఉండాలనీ కూడా నిబంధనలో ఉంది. దానివల్ల అక్కడ నాటకం చచ్చిపోలేదు.

అమెరికాది దీనికి సరిగ్గా అటు వైపు దారి. 1996 నాటి టెలికాం చట్టం తర్వాత, 1997 జనవరిలో అక్కడ ముద్రలు మొదలయ్యాయి. TV-14 అని ఉంటే 14 ఏళ్ల లోపు పిల్లలకు తగకపోవచ్చని అర్థం. కింద V ఉంటే హింస, L ఉంటే బూతు మాటలు అని. కానీ ఆ ముద్ర ఏ గంటనూ నిర్ణయించదు. TV-14 కార్యక్రమాలు రాత్రి 8 గంటలకే వస్తాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అని అక్కడ వేరే ఒక నియమం ఉంది గానీ, అది అసభ్యతకు సంబంధించింది, హింస దాని పరిధిలోకి రాదు. మిగతా భారమంతా వీ-చిప్ మీద పెట్టారు. 2000 జనవరి నుంచి 13 అంగుళాలు, అంతకు మించిన ప్రతి టీవీలోనూ ఈ చిప్ ఉండాలి. తల్లిదండ్రులు మెనూలోకి వెళ్లి ఒక స్థాయిని ఎంచుకుంటే ఆపై ముద్ర ఉన్నవి తెర మీదికి రావు. మెనూ తెరవని ఇంట్లో దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. గడియారం అలా కాదు, ఎవరూ ఏ బటనూ నొక్కనక్కర్లేదు.

ఇక అంకె ఎలా పుడుతుందన్నది. చానలే ముద్ర వేసుకుంటే తక్కువ వేసుకోదా అన్న అనుమానం న్యాయమైనదే. నెదర్లాండ్స్ దీనికి ఒక మంచి దారి వెతికింది. 2001 నుంచి అక్కడ నడుస్తున్న కైక్‌వైజర్ పద్ధతిలోనూ చానల్ ఉద్యోగే కార్యక్రమం చూస్తాడు. కానీ వయసు ఎంత అని అతన్ని అడగరు. ఒక ప్రశ్నావళి ఇస్తారు. దెబ్బ తగిలినట్టు కనిపించిందా? గాయం కనబడిందా? ఇది నిజ జీవితంలా ఉందా, కార్టూన్‌లా ఉందా? భయంతో అరిచారా? అతని జవాబుల నుంచి వయసును కంప్యూటర్ లెక్కగడుతుంది. కీలకం ఏమిటంటే సగటు తీయరు, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకే మొత్తానికి ముద్ర అవుతుంది. నలభై నిమిషాల ఆహ్లాదం మధ్య అర నిమిషం భయం ఉంటే ఆ అర నిమిషమే లెక్క. చిన్నపిల్లకు రాత్రి నిద్ర పట్టనివ్వనిదీ ఆ అర నిమిషమే. అంకె పక్కన కారణం కూడా బొమ్మగా కనిపిస్తుంది. సాలీడు ఉంటే భయం, పిడికిలి ఉంటే హింస. పిల్ల దేనికి జడుస్తుందో తెలిసిన తల్లికి అంకె కంటే ఆ సాలీడే ఎక్కువ చెబుతుంది.

అన్ని ఏర్పాట్లూ ఉన్నా కారే చోటు ఒకటి ఉంది. రాత్రి 7:40కి పిల్లల పాటల పోటీ నడుస్తోంది. విరామంలో రాత్రి 10 గంటల నేర కథ ప్రోమో. ఇరవై సెకన్లలో ఆ ఎపిసోడ్‌లోని అతి తీవ్రమైన క్షణాలన్నీ వరసగా వస్తాయి, ఎందుకంటే ప్రోమో పనే అది. ఆ ఇరవై సెకన్లకు అంకె ఉండదు. ప్రకటనను లెక్క నుంచి తప్పించిన ప్రతి చోటా ఇది సులువు. చానల్ నిజాయితీ తెలియాలంటే కార్యక్రమాన్ని కాదు, సాయంత్రం విరామాలను చూడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. రెండు వందల ఎపిసోడ్లకూ ఒకే ముద్ర పడుతుంటే, ఎపిసోడ్లను ఎవరూ విడివిడిగా చూడటం లేదనే అనుమానించాలి.

కోరిన క్షణంలో చూసే స్ట్రీమింగ్‌కు గడియారం వర్తించదన్నది నిజమే. అక్కడ పిన్ నంబరే దిక్కు. అది వేరే సమస్య. దాన్ని సాకుగా చూపించి ప్రసార టీవీలో ఉన్న గడియారాన్ని వదిలేయమనడం సరికాదు.

నియంత్రణ సంస్థలను, చానళ్లను మేము అడిగేది తక్కువే. ముద్రను ఎపిసోడ్ వారీగా, అతి తీవ్రమైన సన్నివేశాన్ని బట్టి వేయండి. కారణాన్ని బొమ్మగా చూపించండి. ప్రతి విరామం తర్వాతా ముద్రను మళ్లీ తెర మీదికి తెండి, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం. గంటను చూసేవాళ్ల ఊరి టైమ్‌తో లెక్కకట్టండి. ప్రోమోకు అది చెప్పే కార్యక్రమం ముద్రను కాదు, అది వస్తున్న వేళనే హద్దుగా పెట్టండి. రాత్రి పది గంటల కథ ఏడున్నరకు పిల్లల మధ్యలోకి రావాలంటే, ఏడున్నరకు తగ్గట్టుగా కత్తిరించుకునే రావాలి.