డీన్‌ గారి నూడుల్స్‌లో యాసిడ్

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ పేరు చెప్పను. చెప్పినా మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు, ఈ ఊళ్లో ఏ రోడ్డు మలుపులో తలెత్తి చూసినా ఆ తరహా హోర్డింగే. మొన్న ఆదివారం పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? వియోజన స్థిరాంకం 1.8 × 10⁻⁵ అని ప్రశ్నలోనే ఇచ్చారు. మా అమ్మాయి 2.87 అని పెట్టింది. కీలో 1 అని ఉంది. రావలసిన నాలుగు మార్కులు పోయాయి, పైన ఒకటి కోశారు. ఆ అయిదు మార్కుల దెబ్బకి పిల్ల పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి దిగింది.

ప్రశ్నలో స్థిరాంకం ఇచ్చి, జవాబులో దాని మొహం కూడా చూడకపోవడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. విస్తరి వేసి వడ్డించకుండా లేపేసినట్టు. అదే అడుగుదామని డీన్‌ గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన చాలా ఓపికగా చెప్పారు. "సార్, వీక్ యాసిడ్ అంటే నీళ్లు కలిపిన యాసిడ్. 0.1 అంటేనే నీళ్లు కలిపారని. దానికి లాగ్ తీసి మైనస్ పెడితే ఒకటి. మా షార్ట్‌కట్ అదే సార్, ఇరవై సెకన్లు."

ఇరవై సెకన్లలో రసాయన శాస్త్రాన్ని ఇంత దూరం వెనక్కి నెట్టిన ఘనత చిన్నది కాదు. డెన్మార్క్‌లో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో కూర్చుని సారెన్‌సెన్ 1909లో, అంకె తగ్గిన కొద్దీ ఆమ్లం ఘాటు పెరిగే ఈ పీహెచ్ కొలతను తయారు చేశాడు. బీరు దగ్గర కూర్చున్నాయన మెలకువగానే ఉన్నాడు మరి.

నీళ్లు ఎంత కలిపామన్నది గాఢత సంగతి. బలం వేరు. ఆఫీసు వేళ అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో ఆగితే పెట్టె మొత్తం ఖాళీ అయినట్టు ఉంటుంది చూడండి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో అలా. ప్రతి అణువూ తన హైడ్రోజన్ అయాన్‌ని దింపేస్తుంది. అందుకే 0.1 మోలార్ అయితే అయాన్లూ 0.1, పీహెచ్ 1. ఇక్కడ డీన్‌ గారి షార్ట్‌కట్ బంగారం. ఎసిటిక్ ఆమ్లం అలాంటిది కాదు. వెయ్యి మంది ఉన్న రైల్లోంచి పదముగ్గురు దిగుతారు. వాళ్లూ స్థిరంగా ఉండరు, కొందరు మళ్లీ ఎక్కుతుంటే అంతే మంది దిగుతుంటారు. ఎంతమంది ప్లాట్‌ఫారం మీద ఉంటారో చెప్పేదే ఆ 1.8 × 10⁻⁵.

లెక్క కూడా కొండను తవ్వేదేం కాదు. విడిపోయిన భాగం x అనుకుంటే హైడ్రోజన్ అయాన్లు x, ఎసిటేట్ అయాన్లు x, మిగిలిన ఆమ్లం 0.1 − x. ఆ రెండు అయాన్ల లెక్కలనూ గుణించి మిగిలిన ఆమ్లంతో భాగిస్తే వచ్చేదే ఆ స్థిరాంకం. ఆ x చాలా చిన్నది కాబట్టి ప్రస్తుతానికి కింద 0.1 అనే ఉంచుదాం.

x² = 1.8 × 10⁻⁵ × 0.1 = 1.8 × 10⁻⁶
x = 1.34 × 10⁻³
పీహెచ్ = 2.87

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకోవాలి. 0.1లో x వాటా 1.3 శాతం. కాబట్టి దాన్ని వదిలేసింది తప్పు కాలేదు. మా అమ్మాయి ఈ మాట కూడా రఫ్ షీట్ మూల రాసుకుంది. ఎప్పుడూ ఇలా వదిలేయడానికి వీల్లేదు. అదే ఆమ్లాన్ని 0.0001 మోలార్‌కి పల్చన చేస్తే మూడో వంతుకు పైగా అణువులు విడిపోతాయి, అక్కడ వర్గ సమీకరణం పూర్తిగా కట్టాల్సిందే. నీళ్లు పోసిన కొద్దీ ఈ బలహీన ఆమ్లం ఇంకా ఎక్కువ భాగం విడిపోతుంది! డీన్‌ గారి నిర్వచనం ప్రకారం ఎలా జరగాలో సరిగ్గా దానికి ఎదురు.

ఇదంతా చెప్పాను. ఆయన నవ్వి, "కీ మారదు సార్, పై నుంచి వస్తుంది" అన్నారు. వేదాలూ అలాగే వచ్చాయంటారు.

సాయంత్రం కాలేజీ గేటు ఎదుట ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఆయన్నే చూశాను. పొగలు కక్కే ఎగ్ నూడుల్స్ ప్లేటు, పక్కన పచ్చిమిర్చి ముక్కలు తేలుతున్న వెనిగర్ సీసా, మూతకి మేకుతో పొడిచిన చిల్లు. "అన్నా, వెనిగర్ గట్టిగా కొట్టు" అంటున్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 4 శాతం అనుకుందాం, అంటే లీటరుకు 40 గ్రాములు. అణుభారం 60తో భాగిస్తే 0.67 మోలార్. డీన్‌ గారి షార్ట్‌కట్ వేస్తే పీహెచ్ 0.17. ఆ పీహెచ్ రావాలంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అయితే లీటరుకు 24 గ్రాములు ఉండాలి. మరుగుదొడ్లు కడిగే సీసాలో ఉండేది సుమారు 10 శాతం. అంటే ఈయన తన కీ ప్రకారం, తన సంతకంతో, మరుగుదొడ్డి యాసిడ్‌ని నాలుగు రెట్లు పల్చన చేసి నూడుల్స్ మీద చల్లించుకుంటున్నారు. క్యాబేజీ ముక్కను అందులో అద్ది మరీ నాకుతున్నారు. పళ్లు రాలలేదు. నాలుక ఊడలేదు. ఫోన్లో ఎవరికో "రేపటి పేపర్ రెడీ" అని చెబుతున్నారు కూడా. ఆ అమరత్వానికి కారణం ఒక్కటే, వెనిగర్ ఆయన కీ చదవలేదు. దాని నిజమైన పీహెచ్ 2.46.

ఇంతవరకూ నవ్వొచ్చింది. ఇక రాదు.

ఈ పిల్లల్లో చాలామంది ఐఐటీలకు వెళ్లరు. డిగ్రీ చేసి జీడిమెట్లలోనో పాశమైలారంలోనో మందుల కంపెనీల్లో షిఫ్టుకి ఎక్కుతారు. వాళ్ల బుర్రలో మీరు పెట్టి పంపేది ఏమిటి? వీక్ అంటే పల్చన, పల్చన అంటే భయం లేదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కూడా పుస్తకంలో బలహీన ఆమ్లమే. విడిపోకుండా మిగిలిన దాని అణువు చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది, కండల్లో, రక్తంలో కాల్షియాన్ని పట్టేస్తుంది. పల్చటి ద్రావణమైతే గంటల తరబడి మంట కూడా తెలియకపోవచ్చు. తెలిసేసరికి గుండె లయ తప్పొచ్చు. వెంటనే నీళ్లతో కడిగి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి ఆసుపత్రికి పరుగెత్తాలని ఆ పిల్లాడికి ఎవరు చెప్పాలి? "వీక్ యాసిడే కదా" అనుకుని తుడుచుకునే పిల్లాడిని తయారు చేసింది మీ ఇరవై సెకన్లు కాదా? లక్షల్లో ఫీజు కట్టాం. ల్యాబ్‌కి తాళం. మా అమ్మాయి రికార్డు పుస్తకంలో బ్యూరెట్ బొమ్మ అద్భుతంగా గీసింది, బ్యూరెట్‌ని మాత్రం ఇంతవరకు ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే తెలిసేది, 0.1 మోలార్ ఎసిటిక్ అయినా హైడ్రోక్లోరిక్ అయినా పది మిల్లీలీటర్లకు అదే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ పదే మిల్లీలీటర్లు పడుతుందని. దిగినవాళ్లని క్షారం ఎత్తుకుపోతుంటే రైల్లోవాళ్లు దిగుతూనే ఉంటారు, చివరి మనిషి దాకా. బలహీనం అంటే తక్కువ ఉందని కాదు, బాబూ!

నిన్న కోఠీలో పీహెచ్ కాగితాల పుస్తకం ఒకటి కొన్నాను. సాయంత్రం అమ్మాయిని తీసుకుని బండి దగ్గరికి వెళ్లాం. ఒక కాగితం చించి మూత మీద కారిన వెనిగర్‌కి అంటించింది. నారింజ ఎరుపు తిరిగింది. ట్యూబ్‌లైటు కింద చార్టు పక్కన పెట్టి చూస్తే 2కీ 3కీ మధ్య.

బండి అన్న గరిటె ఆపి చూస్తున్నాడు. "ఏందమ్మా, కల్తీనా?"

"కాదన్నా, నీదే కరెక్టు" అంది.

వెనకాల డీన్‌ గారు ప్లేటు పట్టుకుని నిలబడ్డారు, సీసా ఎప్పుడు చేతికొస్తుందా అని.